64 మంది ఉన్న తరగతి: కేకకు ముందే జరగాల్సిన పని

"చెప్తే వినని పిల్లాడిని ఏం చేయాలి?" హైస్కూల్ స్టాఫ్‌రూమ్‌లో అల్లరి గురించి మాట వస్తే ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. కొట్టకూడదు, గోడ కుర్చీ వేయించకూడదు, బయట నిలబెడితే పై అధికారులు అడుగుతారు. మరి మిగిలిందేమిటి అని టీచర్లు నిజమైన బాధతోనే అడుగుతారు. కర్నూలు జిల్లాలో ఆదోని, కోసిగి, పత్తికొండ వైపు కిక్కిరిసిన సెక్షన్లలో పాఠం చెప్పేవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. నేనైతే ఆ ప్రశ్ననే కాస్త మార్చి అడగాలంటాను. అల్లరి జరిగాక ఏం చేయాలన్నది చిన్న ప్రశ్న. ఆ అల్లరి పీరియడ్‌లో ఏ నిమిషంలో, ఏ పని నుంచి ఏ పనికి మారుతున్నప్పుడు పుట్టింది అన్నది పెద్ద ప్రశ్న.

ఈ మార్పు నా సొంత ఆలోచన కాదు. అమెరికాలో జేకబ్ కూనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీలో పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి పేపర్ చదువుకుంటూ కనిపించాడు. ఆయన మందలించాడు. ఆ మందలింపు తగిలింది ఆ ఒక్కడికే కాదు, చుట్టూ ఉన్నవాళ్లు కూడా సర్దుకుని కూర్చున్నారు. ఒకరిని అన్న మాట మిగతావాళ్ల మీద ఎలా పనిచేస్తుందో, ఏ రకం మందలింపు బాగా పనిచేస్తుందో తేల్చుకోవాలని ఆయన ఏళ్ల తరబడి పరిశోధన చేశాడు. చివరికి తరగతి గదుల్లో వీడియో కెమెరాలు పెట్టి చూశాడు. 1970లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశోధన ఫలితం ఆయన అనుకున్నదానికి పూర్తిగా వేరుగా ఉంది. తరగతి చక్కగా నడిచే టీచర్లకూ, గందరగోళంగా నడిచే టీచర్లకూ మధ్య మందలించే తీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. గట్టిగా అన్నా, మెల్లగా అన్నా, కోపంగా అన్నా తరగతి మొత్తం నడకలో ఏమీ మారలేదు. తేడా అంతా అల్లరికి ముందు టీచర్ చేసే పనుల్లో ఉంది.

ఆయన వీడియోలు తీసింది ప్రాథమిక తరగతుల్లో. మరి హైస్కూల్ వయసు పిల్లల సంగతేమిటి? కరొలిన్ ఎవర్ట్‌సన్, ఎడ్మండ్ ఎమ్మర్ టెక్సస్‌లో మొదట మూడో తరగతి టీచర్లను, తర్వాత మన ఏడు, ఎనిమిది తరగతుల స్థాయిలో గణితం, ఇంగ్లీషు చెప్పే టీచర్లను బడి తెరిచిన మొదటి రోజు నుంచి గమనించారు. 1980, 1982లో వచ్చిన ఆ రెండు అధ్యయనాల సారం దాదాపు ఒకటే. ఏడాదంతా తరగతి సాఫీగా నడిపినవాళ్లు మొదటి వారాల్లో నోట్సు ఎలా ఇవ్వాలి, ఎప్పుడు మాట్లాడవచ్చు, పని అయిపోతే ఏం చేయాలి అనేవాటిని పాఠంలాగే నేర్పించారు. చెప్పి వదిలేయలేదు. పిల్లల చేత చేయించి, తప్పితే మళ్లీ చేయించారు.

అందుకే తరగతి నడపడంలో రెండు దారులున్నాయని అంటారు. ఒకటి అలవాట్లతో అల్లరికి చోటు లేకుండా చేయడం. రెండోది అల్లరి జరిగాక శిక్షతోనో మందలింపుతోనో అదుపు చేయడం. ఏ టీచరూ పూర్తిగా ఒక్క దారిలోనే నడవరు. కానీ గది కిక్కిరిసే కొద్దీ రెండో దారి మీద ఆధారపడటం కష్టమవుతుంది. మంచి చెడ్డల మాట పక్కన పెట్టి చూసినా, లెక్క ప్రకారమే అది కుదరదు.

విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది ఉండి తీరాల్సిన నిషేధం. ఇక్కడ నేను చెప్పేది ఆ చట్టం లేకపోయినా నిజమే. బెత్తం లేని ఉత్త కేక కూడా 64 మంది గదిలో ఎందుకు పనిచేయదో చూద్దాం.

కేకల లెక్క

45 నిమిషాల పీరియడ్‌ను 64 మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి వచ్చేది 42 సెకన్లు. టీచర్ చూపు, టీచర్ నోట తన పేరు, తనతో ఒక మాట, అన్నీ కలిపి అంతే. పాఠం చెప్పే సమయం తీసేస్తే ఆ వాటా ఇంకా చిన్నది. ఈ గదిలో నెమ్మదిగా లెక్క చేసుకునే పిల్లకు ఆ 42 సెకన్లు కూడా రావు. వెనక బెంచీలో పెన్ను లాక్కున్నవాడికి మాత్రం రెండు నిమిషాలు వస్తాయి. అందరి ముందు పేరు వినిపిస్తుంది, పక్కవాళ్లు నవ్వుతారు. 14 ఏళ్ల వయసులో అది శిక్షలా అనిపించదు.

దీన్ని 1968లో అమెరికాలోనే ఒక చిన్న ప్రయోగం చూపించింది. ఒకటో తరగతి టీచర్లను, పిల్లలు సీట్లోంచి లేచినప్పుడల్లా "కూర్చో" అని ఇంకా ఎక్కువసార్లు చెప్పమన్నారు. అలా చెప్పే కొద్దీ లేచి నిలబడేవాళ్లు పెరిగారు. తర్వాత ఆ మాట తగ్గించి, కూర్చుని పని చేస్తున్నవాళ్లను మెచ్చుకోమన్నారు. అప్పుడు లేచేవాళ్లు తగ్గారు. ఇక్కడ అసలు ఉచ్చు టీచర్‌కే. "కూర్చో" అన్న ప్రతిసారీ ఆ పిల్లవాడు కూర్చుంటాడు, కాబట్టి ఆ మాట పనిచేసినట్టే ఉంటుంది. "సైలెన్స్!" అని అరిస్తే రెండు సెకన్లలో గది నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దం టీచర్‌కు వెంటనే దొరికే ఫలితం, అందుకే కేక అలవాటవుతుంది. మూడో నిమిషంలో మళ్లీ మొదలయ్యే గోలను ఆ కేకతో ముడిపెట్టి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒకరిని ఒక నిమిషం తిడితే మిగతా 63 మంది ఆ నిమిషం పని ఆపి చూస్తారు. పది మంది గదిలో అదే తిట్టు తొమ్మిది మందినే ఆపుతుంది. అవసరానికి మించి ఒకే విషయం మీద నిలిచిపోవడం పాఠం వేగాన్ని చంపుతుందని కూనిన్ తన వీడియోల్లో గుర్తించాడు. ఒక చిన్న తప్పు మీద నీతిబోధ చేయడం అందులో ముఖ్యమైనది. అంటే అల్లరిని ఆపడానికి వాడిన తిట్టే పాఠానికి బ్రేక్ వేస్తుంది. ఆగిన పాఠంలో ఖాళీగా ఉన్న 63 మందిలోంచి తర్వాతి గుసగుస మొదలవుతుంది.

మన బడుల్లో బాగా తెలిసిన పద్ధతి ఒకటుంది. సార్ వచ్చేలోగా లీడర్ బోర్డు మీద మాట్లాడినవాళ్ల పేర్లు రాస్తాడు, మళ్లీ మాట్లాడితే పేరు పక్కన గీత పెడతాడు. విచిత్రంగా ఇదే పద్ధతి 1976లో లీ కాంటర్, మార్లీన్ కాంటర్ అమెరికాలో ప్రచారం చేసిన క్రమశిక్షణ పద్ధతిలోనూ ఉంది. మొదటి తప్పుకు బోర్డు మీద పేరు, తర్వాతి తప్పులకు టిక్కులు, టిక్కులు పెరిగే కొద్దీ శిక్ష పెరగడం. ఆ పద్ధతిలో ఒక బలం ఉంది, దాన్ని కాదనను. శిక్ష ఏమిటో ముందే తెలుస్తుంది, టీచర్ మూడ్ మీద ఆధారపడదు. ఆ దంపతులు మంచి ప్రవర్తనకు మెప్పు కూడా తప్పనిసరి అన్నారు. కానీ లీడర్ చేతికి వచ్చేసరికి మెప్పు రాలిపోతుంది, పేర్లు మాత్రం మిగులుతాయి. పైగా రాసేది మరో 14 ఏళ్ల పిల్లాడు. స్నేహితుడి పేరు రాయడు, గొడవ పడినవాడి పేరు మొదట రాస్తాడు. టీచర్ లోపలికి వచ్చేసరికి బోర్డు మీద ఎనిమిది పేర్లు, గదిలో ఎనిమిది వాదనలు సిద్ధంగా ఉంటాయి. పాఠం ఆ విచారణతో మొదలవుతుంది.

ఎవరిని పట్టుకోవాలి, ఎప్పుడు

కూనిన్ చెప్పిన వాటిలో మన గదులకు బాగా పనికొచ్చేది ఒకటుంది. గదిలో ఏం జరుగుతోందో టీచర్‌కు తెలుసని పిల్లలకు తెలియడం. "మేడమ్‌కు వెనక కూడా కళ్లున్నాయిరా" అని పిల్లలు అనుకునే స్థితి. దాన్ని ఆయన ఊహతో వదిలేయలేదు, టీచర్ చేసే రెండు తప్పులతో కొలిచాడు. ఒకటి, అసలు మొదలుపెట్టినవాడిని వదిలి వేరేవాడిని పట్టుకోవడం. రెండోది, అది నలుగురికి పాకేదాకా ఆగి అప్పుడు పట్టుకోవడం.

కిక్కిరిసిన గదిలో ఈ రెండు తప్పులూ ఎలా జరుగుతాయో చూడండి. టీచర్ బోర్డు వైపు తిరిగి రాస్తున్నారు. ఐదో బెంచీ వాడు నాలుగో బెంచీ వాడి పెన్ను లాగాడు. నాలుగో బెంచీ వాడు వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే టీచర్ ఇటు తిరిగారు.

"ఏమిరా, బోర్డు అటుందా?"

"సార్, వాడే నా పెన్ను పెరికినాడు సార్."

"లేదు సార్, ఊరికే చెప్తాండాడు!"

తిట్టు పడింది వెనక్కి తిరిగినవాడికి. లాగినవాడు తప్పించుకున్నాడు. ఈ ఇద్దరికన్నా ముఖ్యంగా, చూసిన పదిమందికి ఒక సంగతి తెలిసిపోయింది. సార్‌కు కనిపించదు. ఆ పీరియడ్‌లో ఇక ఎంత గట్టిగా అరిచినా ఆ నమ్మకం పోదు. కేక తీవ్రత పెంచడం వల్ల కాకుండా, తప్పు మనిషిని పట్టుకోకపోవడం వల్లే అదుపు వస్తుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. 64 మందిలో సరైన మనిషిని పట్టుకోవాలంటే వీపు తిప్పే సమయం తగ్గాలి, గదిలో చూపు ఆనని మూలలు తగ్గాలి. ఇవి రెండూ అమరికతో వచ్చేవి.

ఒక తొమ్మిదో తరగతి

ఒక గదిని ఊహించుకుని అంతా అందులో పెట్టి చూద్దాం. కర్నూలు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్, తొమ్మిది 'ఎ' సెక్షన్. గదిలో రెండు వరుసలు, ఒక్కో వరుసలో 8 బెంచీలు, బెంచీకి నలుగురు, మొత్తం 64 మంది. ఒక వైపు అమ్మాయిలు, ఒక వైపు అబ్బాయిలు. మధ్యలో మనిషి నడిచేంత దారి. రెండు వరుసలూ గోడలకు ఆనుకుని ఉన్నాయి. మధ్యాహ్న భోజనం తర్వాత రెండో పీరియడ్, గణితం. బయట ఎండ, లోపల రెండు ఫ్యాన్లు.

ముందు అలవాట్లు లేకుండా నడిచే పీరియడ్. టీచర్ ఎనిమిదో తరగతి గది నుంచి నడిచి వస్తారు. మన బడుల్లో పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య విడిగా సమయం ఉండదు కాబట్టి ఆ నడిచే రెండు మూడు నిమిషాలూ గదిలో టీచర్ ఎవరూ ఉండరు. వచ్చాక అందరూ లేచి నమస్కారం, కూర్చోవడం, సర్దుకోవడం, నీళ్ల బాటిళ్లు, బోర్డు తుడవడం కలిపి 4 నిమిషాలు. దిద్దిన నోట్‌బుక్కులు పేరు పేరునా పిలిచి ఇవ్వడానికి 6 నిమిషాలు. గోడ పక్క పిల్లాడి పేరు పిలిస్తే ముగ్గురు లేచి దారి ఇవ్వాలి, ఆ లేవడంలోనే తోపులాట. మధ్యలో మూడుసార్లు పాఠం ఆపి తిట్టడం, ఒక్కోసారి 2 నిమిషాలు. ఆ నడిచే సమయం పక్కన పెట్టినా మొత్తం 16 నిమిషాలు పోయాయి. గణితానికి మిగిలింది 29 లోపే.

ఇప్పుడు ఇదే గదిలో అలవాట్లు పెడదాం. అన్నీ ఒకేసారి పెట్టకూడదు. గొడవ ఎక్కువగా పుట్టేది రెండు చోట్ల: పీరియడ్ మొదలవడం, నోట్‌బుక్కులు చేతులు మారడం. ముందు ఈ రెండే చాలు.

మొదలు గురించి. తరగతి నిర్వహణ మీద వచ్చిన విదేశీ పుస్తకాలు చాలావరకు టీచర్‌ను తలుపు దగ్గర నిలబెట్టి పిల్లలను ఒక్కొక్కరినీ లోపలికి రమ్మంటాయి. అక్కడ టీచర్‌కు సొంత గది ఉంటుంది, పిల్లలు తిరుగుతారు. ఇక్కడ పిల్లలు గదిలోనే ఉంటారు, తిరిగేది టీచర్. అందుకే మన అలవాటు టీచర్ గదిలో లేనప్పుడే మొదలు కావాలి. బోర్డు మీద లెక్క ఉండాలంటే ఎవరో రాయాలి, అది మళ్లీ లీడర్ మీదికి వస్తుంది. దానికన్నా తేలికైన పద్ధతి, పని ఎప్పుడూ ఒకటే ఉండటం. గణితం బెల్ మోగితే రఫ్ నోట్‌బుక్ తీసి, నిన్నటి చివరి లెక్కను చూడకుండా మళ్లీ చేయాలి. కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు కాబట్టి అడగాల్సిందీ లేదు. టీచర్ లోపలికి వచ్చాక నమస్కారం అయిపోయిన వెంటనే పాఠం మొదలుపెట్టరు. మధ్య దారిలో వెనక దాకా ఒకసారి నడిచి, తిరిగి వస్తారు. ఆ ఒక్క నడకలో ఎవరు మొదలుపెట్టారో, ఎవరికి నిన్నటి లెక్క రాలేదో రెండూ తెలుస్తాయి.

నోట్‌బుక్కుల గురించి. పేర్లు పిలవడం మానేయాలి. ప్రతి బెంచీలో గోడ వైపు పిల్ల నుంచి పుస్తకాలు చేతికి చేతికి దారి వైపు పిల్ల దగ్గరకు వస్తాయి. చివరి బెంచీ దొంతర ముందు బెంచీకి వెళ్తుంది. ఆ బెంచీ వాళ్లు తమ నాలుగు దాని మీద పెట్టి ఇంకా ముందుకు పంపుతారు. మొదటి బెంచీ దగ్గరకు వచ్చేసరికి ఒక్కో వరుసకు 32 పుస్తకాల దొంతర తయారవుతుంది. చివరి బెంచీవి అడుగున, మొదటి బెంచీవి పైన. టీచర్ ఆ వరుస చెదరకుండా దిద్దాలి, ఇదొక్కటే షరతు. తిరిగి ఇచ్చేటప్పుడు మొదటి బెంచీ పై నాలుగు తీసుకుని దొంతర వెనక్కి పంపుతుంది, అలా చివరి దాకా. ఎవరూ లేవరు. చేయి తిరిగితే 2 నిమిషాల్లో అయిపోతుంది. రోజూ అందరూ ఒకే చోట కూర్చోవడం దీనికి తప్పనిసరి, కాబట్టి సీట్లు నిర్ణయించే పని ముందే జరిగి ఉండాలి.

సీట్ల విషయంలో మామూలుగా జరిగేది, అల్లరి చేసేవాడిని మొదటి బెంచీలోనో, కనిపించకుండా వెనక మూలనో కూర్చోబెట్టడం. ఈ గదిలో టీచర్ చేరగలిగేది మధ్య దారికి ఆనుకున్న సీట్లకు మాత్రమే. గోడ పక్కవాడి దగ్గరకు వెళ్లాలంటే ముగ్గురిని లేపాలి. కాబట్టి తరచూ పని వదిలేసే పిల్లలకు సరైన చోటు మూడు నాలుగు బెంచీల్లో దారి పక్క సీటు. నడుస్తూ వెళ్లేటప్పుడు నోట్‌బుక్ మీద వేలు పెట్టి "మూడో లెక్క" అంటే చాలు. ఆ మాట పక్కవాడికి కూడా వినిపించదు. బోర్డు మీద రాసేటప్పుడు పక్కకు తిరిగి నిలబడి, రెండు లైన్లు రాశాక ఒకసారి గదిని చూడటం అలవాటు చేసుకుంటే వెనక మూల కూడా చూపులోకి వస్తుంది. పెద్ద పట్టిక రాయాల్సి వస్తే పిల్లల్లో ఒకరి చేత రాయించి తాను గది మధ్యలో నిలబడటం ఇంకా మంచిది.

ఈ అలవాట్లను నేర్పడానికి సమయం పెట్టాలి, చాలామంది వదిలేసేది ఇక్కడే. మొదటి రోజు ఒకసారి చెప్పి, రెండో రోజు తప్పితే తిడితే అది అలవాటు నేర్పినట్టు కాదు, రూల్ చదివి వినిపించినట్టు. మొదట ఒక బెంచీ చేత చేయించి అందరికీ చూపించాలి. తర్వాత ఒక వరుస, తర్వాత రెండు వరుసలు. దొంతర తలకిందులైతే కోప్పడకుండా వెనక్కి పంపి మళ్లీ చేయించాలి. గడియారం పెట్టి ఎంతసేపు పట్టిందో చెబితే పిల్లలే పోటీ పడతారు. రోజుకు 10 నిమిషాల చొప్పున ఆరు రోజులు అంటే ఒక గంట. సిలబస్ టెన్షన్‌లో ఉన్న టీచర్‌కు ఆ గంట వృథా అనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. అలవాట్లు కుదిరాక మొదలుకు 1 నిమిషం, పుస్తకాలకు 2, పాఠం ఆపాల్సి వచ్చిన చిన్నా పెద్దా సందర్భాలకు 2, మొత్తం 5 నిమిషాలు. ముందు పోయిన 16తో పోలిస్తే రోజుకు 11 నిమిషాలు మిగిలాయి. పెట్టిన గంట తర్వాతి ఆరు పీరియడ్లలోనే తిరిగి వచ్చేస్తుంది.

అప్పటికీ అల్లరి చేసేవాడు

ఉంటాడు. అలవాట్లు పెట్టగానే అందరూ మారిపోతారని ఎవరైనా చెబితే నమ్మకండి. తేడా ఏమిటంటే 64 మందిలో ఇప్పుడు స్పందించాల్సింది నలుగురైదుగురికే, కాబట్టి ఆ స్పందన చిన్నగా, ఒకే తీరుగా ఉండే వీలు దొరుకుతుంది. మొదట చూపు. తర్వాత దగ్గరగా నడవడం, పని చూపించడం. దానికీ లొంగకపోతే "బెల్ అయ్యాక రెండు నిమిషాలు ఆగు" అన్న ఒక్క మాట, పాఠం ఆపకుండా. ఆ రెండు నిమిషాల మాట చూసేవాళ్లు లేనిచోట జరుగుతుంది. చూసేవాళ్లు లేకపోతే పౌరుషం చూపించాల్సిన అవసరం కూడా చాలామందికి ఉండదు. అన్న మాట మాత్రం తప్పకూడదు. రోజూ "ఆగు" అని, బెల్ కాగానే మరిచిపోయి పక్క క్లాసుకు వెళ్లిపోతే అది వట్టి బెదిరింపు అవుతుంది.

గది బయట నిలబెట్టడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా బడుల్లో ఇది మామూలు శిక్ష. ఆ పిల్లాడికి లెక్క అర్థం కావడం లేదనుకోండి. నోట్‌బుక్ ఖాళీగా ఉంది, ఎప్పుడు అడుగుతారో అని భయం. పక్కవాడిని గిల్లాడు, సార్ బయటికి పొమ్మన్నారు. వాడికి కావలసింది అదే. లెక్క చేసే పని తప్పింది, పరువు దక్కింది. మర్నాడు లెక్క కష్టమైన చోటే మళ్లీ గిల్లుతాడు. దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. ఒక పిల్లాడి అల్లరి రోజూ పీరియడ్‌లో ఒకే రకం పని దగ్గర, ముఖ్యంగా సొంతంగా రాయాల్సిన చోట మొదలవుతుంటే, అది చదువు సమస్య. తొమ్మిదో తరగతిలో భాగహారం దగ్గర ఆగిపోయిన పిల్లాడికి ఏ అలవాటూ, ఏ శిక్షా బీజగణితం నేర్పదు. మిగిలిన ఆ 11 నిమిషాల్లో కొన్ని అలాంటి పిల్లలకు వాళ్ల స్థాయి లెక్కలు ఇవ్వడానికి వాడాలి. లేదంటే గది నిశ్శబ్దంగా ఉంటుంది గానీ, వాళ్లు ఆ నిశ్శబ్దంలో ఏమీ నేర్చుకోకుండా కూర్చుంటారు.

కొట్లాట, అమ్మాయిలను ఏడిపించడం, కులం పేరుతో తిట్టడం లాంటివి ఈ మెట్ల వరుసలోకి రావు. అక్కడ వెంటనే ఆపాలి, హెడ్మాస్టర్‌కు చెప్పాలి, దెబ్బతిన్న పిల్ల లేదా పిల్లాడి పక్షాన నిలబడాలి.

ఎక్కడ చెడుతుంది

అలవాట్లు ఒక్కసారిగా కూలవు, మెల్లగా కారిపోతాయి. దసరా సెలవుల తర్వాత, సంక్రాంతి తర్వాత మొదటి వారం చూస్తే తెలుస్తుంది. గుర్తులు మూడున్నాయి. టీచర్ ఒకే సూచనను రెండుసార్లు, మూడుసార్లు చెప్పడం మొదలవుతుంది. పీరియడ్ మొదలయ్యాక చివరి పెన్ను కదిలేసరికి పట్టే సమయం పెరుగుతుంది. వాచీ చూసి వారానికి ఒకసారి రాసుకుంటే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మూడోది, తిట్లు పడే పేర్లు ఎప్పుడూ అవే ఐదారు కావడం. ఆ మూడింటిలో ఏది కనిపించినా కొత్త రూల్ పెట్టకుండా పాత అలవాటునే ఇంకో రెండు రోజులు చేయించాలి.

కర్నూలు పడమటి మండలాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఖరీఫ్ పంటలు అయిపోయాక చాలా కుటుంబాలు పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి, పిల్లలు కూడా వెంట వెళ్తారు. కొందరు నెలల తర్వాత తిరిగి వస్తారు. వాళ్ల సీట్లో అప్పటికి వేరేవాళ్లు ఉంటారు, దొంతర పద్ధతి వాళ్లకు తెలియదు, పాఠం ఎక్కడో ఉంటుంది. అలాంటి పిల్లాడు మొదటి రోజే మూడుసార్లు తిట్టు తింటే మళ్లీ బడికి రాకపోయే ప్రమాదం ఉంది. దీనికి ముందే ఏర్పాటు ఉండాలి. వెళ్లిన పిల్లల సీటు అలాగే ఖాళీగా ఉంచడం, వచ్చిన రోజు పక్క సీటు పిల్లకు నేర్పే పని అప్పగించడం, మొదటి వారం తప్పులను లెక్కలోకి తీసుకోకపోవడం.

చివరిగా ఒక్క టీచర్ చేతిలో లేని విషయం. హైస్కూల్‌లో ఒక సెక్షన్‌కు ఆరుగురు టీచర్లు వస్తారు. గణితం సార్ పీరియడ్‌లో దొంతర, సోషల్ మేడమ్ పీరియడ్‌లో పేర్లు పిలవడం, ఇంగ్లీషు సార్ పీరియడ్‌లో ఎవరి పుస్తకం వాళ్లు వచ్చి తీసుకోవడం ఉంటే పిల్లలు రోజుకు ఆరు పద్ధతుల మధ్య తిరుగుతారు. పిల్లలు అది కూడా నేర్చుకుంటారు గానీ, ప్రతి టీచరూ తన ఆరు రోజుల గంటను విడివిడిగా ఖర్చు పెట్టాలి. విద్యా హక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 35 మందికి ఒక టీచర్ ఉండాలంటుంది, కానీ అది బడి మొత్తానికి వేసే లెక్క. గదులు చాలక రెండు సెక్షన్లను కలిపేస్తే, కాగితం మీద నిష్పత్తి సరిగ్గానే ఉన్నా గదిలో 64 మంది ఉంటారు. గదుల సంఖ్యను స్టాఫ్ మీటింగ్ మార్చలేదు. నోట్‌బుక్కులు ఏ వైపు నుంచి ఏ వైపుకు కదలాలో, బెల్ మోగాక టీచర్ వచ్చేలోగా ప్రతి సబ్జెక్టులో పిల్లలు చేయాల్సిన ఆ ఒక్క పని ఏమిటో, ఆగమని చెప్పిన పిల్లాడిని తర్వాతి పీరియడ్ టీచర్ రెండు నిమిషాలు ఆలస్యంగా రానివ్వాలా లేదా అన్నది మాత్రం అదే మీటింగ్‌లో తేల్చుకోవచ్చు. ఈ మూడూ జూన్‌లో బడి తెరిచిన వారంలో తేలితే, ఆరుగురూ కలిసి నేర్పేది ఒకే పద్ధతి అవుతుంది.